కిష్ట్యా అడ్వాన్సు కాయితం

సూర్యాపేట డిపో కండక్టరు కిష్ట్యా ఎవరికీ పావలా చిల్లర ఎగ్గొట్టిన మనిషి కాదు. చిల్లర లేకపోతే టిక్కెట్టు వెనక రాసిచ్చేవాడు. ప్రయాణికుడు మరిచిపోయి దిగి నడిచిపోతుంటే తనే కేకేసి పిలిచి చేతిలో పెట్టేవాడు. "ఆయనే ఇడిసిపెట్టిండు, నీకేం దురద?" అని డ్రైవర్లు విసుక్కునేవారు. అలాంటివాడు తన సొంత పైసలు పన్నెండు వందల కోసం 1992 ఎండాకాలమంతా చెప్పులరిగేలా తిరిగాడు. లోకం తీరే అంత. ఇచ్చేవాడికి గుర్తుంటుంది, ఇవ్వాల్సినవాడికి మతిమరుపు.

ఆ పన్నెండు వందలు ఇంటి అడ్వాన్సు. సూర్యాపేటలో సత్యనారాయణ పటేలు ఇంటి వెనక భాగంలో రెండు గదులు, వంటిల్లు. నెలకు మూడు వందల కిరాయి. చేరేటప్పుడే నాలుగు నెలల కిరాయి అడ్వాన్సుగా కట్టి రసీదు తీసుకున్నాడు. ఆత్మకూరు దగ్గరి లంబాడి తండాలో పుట్టిన కిష్ట్యాకు పట్నంలో ఇల్లు దొరకడమే గగనం. పటేలు ఇచ్చాడు, అది కాదనలేం. గవర్నమెంటు జీతమనీ, ఒకటో తారీఖున కిరాయి ముడుతుందనీ ఇచ్చాడు. అక్కడున్న నాలుగేళ్ళూ అలాగే ముట్టింది.

ఏప్రిల్‌లో కోదాడ డిపోకు బదిలీ అయింది. నెల ముందే చెప్పి, మే నడుమ ఇల్లు ఖాళీ చేశాడు. చాలామంది చేసినట్టు ఆఖరి నెలల కిరాయి ఎగ్గొట్టి అడ్వాన్సులో పట్టుకోమనలేదు. పైసా బాకీ లేకుండా కట్టి, కరెంటు బిల్లు రసీదుతో సహా తాళంచెవులు పటేలు భార్య అహల్యమ్మ చేతిలో పెట్టాడు. తెలివైన కిరాయిదారు ఎవడూ చేయని పని అది. భార్య జమునా ఆ మాట అప్పుడే అంది.

"రేపు రా" అన్నాడు పటేలు. ఆ రేపు రెండు వారాలు సాగింది.

సూర్యాపేట పోతే, "పటేలు మిర్యాలగూడల తన బియ్యం మిల్లుకు వోయిండు" అన్నారు. డ్యూటీ దిగి మిర్యాలగూడ పోతే, మిల్లులో గుమస్తా ఊక దుమ్ము దులుపుకుంటూ, "ఇప్పుడే హాలియా వడ్లు సూడవోయిండు" అన్నాడు. మళ్ళీ పోతే దొరికాడు గానీ, "అన్నం తినే యాళ్ళ, గిప్పుడా?" అన్నాడు. కండక్టరుకు బస్సు కిరాయి లేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే అడ్వాన్సు మొత్తం తిరగడానికే అయిపోయేది.

చివరికి మిల్లులో కూర్చోబెట్టి విషయం చెప్పాడు పటేలు.

"మీ అమ్మ మా ఇంట్ల పోయిన నక్షత్రం మంచిది కాదు కిష్ట్యా. పంతులు సూసిండు. మూడు నెలలు ఇల్లు పాడువెట్టాలె. ఎవ్వలకు కిరాయికి ఇయ్యరాదు. మూడు నెలలది తొమ్మిది వందలు నష్టం. సున్నానికి రెండు వందలు. ఇగ నీకొచ్చేది వంద. ఇప్పుడే ఇస్త, తీస్కపో."

కిష్ట్యా వంద రూపాయలు ముట్టుకోకుండా లేచి వచ్చాడు. ఆ కడుపుమంట వంద గురించి కాదు, తొమ్మిది వందల గురించీ కాదు.

మార్చి ఆఖరులో అతని తల్లి మోతీబాయి మంచం పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం ఊపిరి అందక ఎగపోస్తుంటే అహల్యమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏమనుకోకు కిష్ట్యా. నక్షత్రం మంచిగ లేదట. లోపల పాణం పోతే ఇల్లు పాడువెట్టాల్సొస్తది. దవాఖానకన్న తీస్కపో" అంది. మోతీబాయి అంతకుముందు రోజే కొడుకు చెయ్యి పట్టుకుని, ఇక దవాఖాన వద్దనీ, ఇక్కడే పడుకోనిమ్మనీ బతిమాలింది. అయినా కిరాయి ఇల్లు, ఒకరి సొమ్ము. కిష్ట్యా రిక్షా హన్మాను పిలుచుకొచ్చాడు. నడినెత్తిన ఎండలో తల్లిని ఎత్తి రిక్షాలో కూర్చోబెట్టాడు. దవాఖాన మెట్ల దగ్గరికి చేరేసరికి ఆమె లేదు. ఎవరి ఇల్లు పాడుకాకూడదని తల్లిని మంచం మీంచి లేపి రోడ్డు మీదికి తెచ్చాడో, ఆ మనిషే ఇప్పుడు ఆ ఇల్లు పాడైందని పైసలు పట్టుకుంటున్నాడు. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

కోదాడలో ఇంకో గడియారం తిరుగుతోంది. రాధమ్మ అనే ఆవిడ ఇల్లు చూసి పెట్టుకున్నాడు. వెయ్యి రూపాయల అడ్వాన్సు జూన్ పదహారు లోపు కట్టకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానంది. పిల్లల బడి తెరిచే రోజులు. జమునా పిల్లలతో తండాలో ఉంది. తను డిపో రెస్టురూములో, ట్రిప్పు షీట్ల కట్ట తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు.

"నోటి మాట నీటి మూట. కాయితం పెట్టు" అన్నాడు డిపో క్లర్కు యాదగిరి. "రిజిస్టరు పోస్టు చెయ్. ఇల్లు ఎట్ల అప్పజెప్పినవో ఒక్కొక్కటి రాయి. తారీఖు పెట్టు. తారీఖు లేని కాయితం కుండలో ఏసిన బియ్యం గాదు, చెరువుల ఏసిన బియ్యం."

కిష్ట్యా డిపో బల్ల మీద కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాశాడు. మొదటి అంశం, కిరాయి బాకీ లేదు. రెండు, కరెంటు బిల్లు కట్టి రసీదు ఇచ్చాను. మూడు, సంక్రాంతికి నా ఖర్చుతోనే గోడలకు సున్నం వేయించాను. నాలుగు, నేను కొట్టిన మేకులు ఆరు పీకి సిమెంటుతో పూడ్చాను. ఐదు, ముందుగది షాబాదు బండ పగులు నేను చేరకముందుదే. రసీదు వెనక మీరే రాశారు. ఆరు, స్నానాల గది తలుపు గొళ్ళెం కొత్తది పెట్టించాను. ఏడు, నల్లా, బల్బు హోల్డర్లు, కిటికీలు బాగున్నాయి. ఇక్కడికి వచ్చి కలం ఆగింది.

"ఎనిమిదోది గూడ రాయాల్నా?" అన్నాడు.

"దాని మీదనే గద పంచాయితీ" అన్నాడు యాదగిరి.

ఎనిమిది, మా తల్లి మీ ఇంట్లో చనిపోలేదు. కావున అడ్వాన్సు పన్నెండు వందలు జూన్ పదిహేను లోగా పూర్తిగా ఇవ్వాలి, లేనిచో కోర్టుకు పోవలసి వస్తుంది. సంతకం చేసేటప్పుడు కిష్ట్యాకు తల్లి చావును షాబాదు బండ పక్కన, బల్బు హోల్డర్ల కింద రాయాల్సి వచ్చినందుకు సిగ్గేసింది.

పటేలు సంతకంతో పోస్టు రసీదు కార్డు తిరిగి వచ్చింది. మనిషి మాత్రం కదల్లేదు. పదిహేనో తారీఖు పొద్దున్నే కిష్ట్యా సూర్యాపేట దిగాడు. ముందు హన్మా దగ్గరికి పోయి సాక్షి చెప్పమన్నాడు. హన్మా పటేలు ఇంటి బియ్యం బస్తాలు మోసి బతికేవాడు. "నేను ముందుకు జూసి తొక్కేటోన్ని అన్నా. ఎనక ఏమైందో నాకేం ఎరుక?" అని తల దించుకున్నాడు.

పటేలు ఇంట్లోనే ఉన్నాడు. అహల్యమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎండన పడి వచ్చినవాడు, గటగటా తాగాడు. అరుగు మీంచి వెనక గదులు కనిపిస్తున్నాయి. తలుపులు తెరిచే ఉన్నాయి, లోపల గోడ ఎత్తున యూరియా బస్తాలు.

"ఇల్లు పాడువెట్టిన్నంటివి పటేలా?"

"మనుషులు ఉండరాదన్నడు పంతులు. బస్తాలకేం నక్షత్రం?"

"మరి ఏప్రిల్ కిరాయి, మే కిరాయి తీస్కున్నప్పుడు గీ నక్షత్రం యాడికి వోయింది? మేం మనుషులం కామా?"

పటేలుకు కోపం వచ్చింది. ఆమె ఇంట్లో పోలేదని చూపే దవాఖాన చిట్టీ తెమ్మన్నాడు. కిష్ట్యా జేబులోంచి తీసి ఇచ్చాడు. పటేలు కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, వేలితో ఒక చోట పొడిచాడు. "సూడు, ఏం రాసిండ్రో. తెచ్చేసరికే పాణం లేదని రాసిండ్రు. మరి పాణం యాడ వోయింది? మా ఇంట్లనే. నీ కాయితమే సెప్తున్నది."

తను తెచ్చిన సాక్ష్యం తన మెడకే చుట్టుకుంది. ఇన్నాళ్ళూ అణుచుకున్నది ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"పటేలా, గా తొమ్మిది వందలు ఎట్లయిన పట్టుకునేదే ఉంటే, మా యాడిని, మా అమ్మని, లోపల్నే సావనియ్యకపోతిరా! మంచం మీద సచ్చేది. బతికుండంగ ఎండల ఏసి తీస్కపోయిన. మీ ఇంటి కోసమే తీస్కపోయిన!"

గోడ చాటున నిలబడ్డ అహల్యమ్మ బయటికి వచ్చింది. మొగుణ్ణి చూడలేదు, కిష్ట్యానూ చూడలేదు.

"ఇంట్ల పోలే. రిక్షాల ఉన్నప్పుడు గూడ బతికే ఉన్నది. నాతోని మాట్లాడింది."

"ఎప్పుడు?" అన్నాడు కిష్ట్యా.

"నువ్వు పాత మందుల చిట్టీ తేనీకి లోపలికి వోయినవ్ సూడు. హన్మా గొలుసు ఎక్కిస్తున్నడు. రిక్షా గేటు లోపల్నే ఉండె. నా కొంగు వట్టుకోని పాణీ, పాణీ అన్నది." ఆమె ఆ కొంగు భుజం మీదికి లాక్కుంది. "నేను ఇయ్యలే కిష్ట్యా. గొంతుల నీళ్ళు వోస్తే గాడనే పాణం ఇడుస్తదని భయమైంది. దవాఖానల తాగుతదిలే, పోనియ్యి అన్న."

పటేలు "గీ ముచ్చట ముందే సెప్తే అయిపోవు గద!" అని పెళ్ళాన్ని కసిరి లోపలికి పోయి పైసలు తెచ్చాడు. పన్నెండు వంద నోట్లు. సున్నం పైసలు కూడా పట్టుకోలేదు. "లెక్క వెట్టుకో" అన్నాడు. రోజూ వందలమంది పైసలు లెక్కపెట్టే కండక్టరు లెక్కపెట్టలేదు. రసీదు మీద "ముట్టినవి" అని రాసి సంతకం చేశాడు. అరుగు మీద అతను తాగిన గ్లాసు ఖాళీగా ఉంది. అడగకముందే ఇచ్చిన నీళ్ళు. ఆ నీళ్ళు తాగినందుకు తన మీద తనకే రోత పుట్టింది. లోపలికి చిట్టీ కోసం పోకుండా ఉంటే అన్న మాట ఒకటి అప్పుడు గుండెలో దిగింది, అది తర్వాత ఎన్నేళ్ళకూ బయటికి రాలేదు.

ఆ సాయంత్రమే కోదాడ చేరి రాధమ్మకు వెయ్యి కట్టాడు. ఆవిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, రసీదు రాసి, తాళంచెవి తీసింది. ఇచ్చేముందు ఆగింది.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీతోపాటు ముసలోళ్ళు ఎవరన్నా ఉంటారా? మంచాన పడ్డోళ్ళు, రోగమొచ్చినోళ్ళు? మాకు కొంచెం పట్టింపుంది."

కిష్ట్యా ఆమె చేతిలోని తాళంచెవి వైపు చూశాడు.

"లేరమ్మా" అన్నాడు. "ఉండె. ఇప్పుడు లేరు."

"అయితే ఇబ్బంది లేదు" అని రాధమ్మ తాళంచెవి ఇచ్చింది.