అద్దెకిచ్చిన అకౌంట్

సైబర్ పోలీస్ స్టేషన్‌లో ఆ ఎస్సైని అందరూ ‘భూతద్దం’ అంటారు. కూపీ లాగందే ఆవిడ దేన్నీ వదలదు.

ఆ ఉదయం డబ్బు పోగొట్టుకున్న ఒక ముసలి డ్రైవర్ ఫోన్ చూపించాడు. పెట్టిన డబ్బు నెలలో రెట్టింపవుతుందని పేరున్న హీరో ఒకడు అందులోని ప్రకటనలో చెబుతున్నాడు.

"ఆయనే చెప్పాడమ్మా!"

"ఆ మొహం, గొంతు కంప్యూటర్లో పుట్టించినవి బాబాయ్. మనకి కావాల్సింది ప్రకటనకి డబ్బు కట్టినవాడు."

ప్రకటనల వివరాలు అందరికీ చూపించే వెబ్‌సైట్ తెరిచింది. ఆ ప్రకటన వేసిన పేజీ మొన్నటిదాకా ఒక బట్టల కొట్టుది. ఎవరో కాజేసి పేరు మార్చారు. కింద డబ్బు కట్టినవాడి పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. అవి తన సొంత తమ్ముడివి.

వెంటనే ఫోన్ చేసింది.

"నాకేం తెలీదక్కా! నా ప్రకటనల అకౌంట్ ఊరికే పడుంటే ఎవరో అద్దెకడిగారు, ఇచ్చా. ఆ చాట్ ఇప్పుడే చెరిపేస్తా."

"చెరిపావంటే తోలు తీస్తా! అద్దె ఎవరి ఖాతాలోంచి పడింది, ఎక్కణ్ణుంచి లాగినయ్యారు, అసలువాళ్ళదాకా దారి అదొక్కటే. దేన్నీ ముట్టుకోకుండా ఫోన్ పట్టుకుని రా."

"నువ్వున్నావుగా అక్కా, నాకేం కాదుగా?"

ఆవిడ ఫైలుని పక్క టేబుల్ దగ్గరున్న ఇంకో ఎస్సై ముందుకి తోసింది.

"ఈ కేసులో నేను లేను. వచ్చి పక్క టేబుల్ ఎస్సైగారి ముందు కూర్చో."