పదిహేడు ఆర్లు

"లెక్కల టీచరు నాగలత పిల్లోళ్లకు జూదం నేర్పిస్తాండాదంట. హంపమ్మ ఇంట్లో పాచికలాడి ఓడిపోయి, ఆమె కూతురికే దండం పెట్టిందంట." కుళాయి దగ్గర నాలుగు బిందెలు నిండేలోగా ఈ మాట నాలుగు రకాలైంది.

దండం పెట్టిన మాట నిజమే.

ఆ వారం నాగలత తొమ్మిదో తరగతికి సంభావ్యత పాఠం మొదలుపెట్టింది. ఎనిమిది జట్లు, జట్టుకో లూడో పాచిక. అరవై సార్లు వేస్తే ఒక్కో అంకె పదిసార్లు పడొచ్చని ముందే అంచనా రాయించింది. ఓబులేష్ జట్టు పట్టికలో అన్నీ సరిగ్గా పదులే. శభాష్ అంది. హంపమ్మ కూతురు శ్రావణి జట్టు పట్టికలో ఆరు అంకె పదిహేడు సార్లు ఉంది.

"వేయకుండానే రాసినావు కదా?" అని అందరి ముందు ఆ కాగితం చించేసింది. శ్రావణి మరునాటి నుంచి బడికి రాలేదు.

ఆదివారం పొద్దున తర్వాతి పాఠం సిద్ధం చేసుకుంటూ నాగలత తానే పాచిక వేసింది. మొదటి అరవైలో రెండు అంకె పద్నాలుగు సార్లు, ఐదు అంకె ఆరు సార్లు పడ్డాయి. నాలుగు విడతలు వేసినా అన్నీ పదులు ఒక్కసారీ రాలేదు. నాణెం ఇరవై సార్లు ఎగరేస్తే బొమ్మ పదమూడు సార్లు పడింది. అంచనా ఒకటి, పడేది ఒకటి. ఈ తేడా చెప్పడానికే కదా పాఠం. వేయని పాచికలకు తాను శభాష్ చెప్పి, వేసిన పిల్లను అబద్ధాలకోరును చేసింది. శ్రావణి జట్టుకిచ్చిన పాచిక తీసుకుని హంపమ్మ ఇంటికి బయల్దేరింది.

హంపమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. "తప్పు నాదమ్మా" అంది నాగలత.

"ఇప్పుడంటే ఏం లాభం టీచరమ్మా? పాచికే వంకరది, ఎప్పుడూ ఆరే పడతాదని నా బిడ్డను ఎగతాళి చేస్తాండారు."

"అదీ చూడాల్సిందే. అదే పాచిక తెచ్చినా. ఇంకో అరవై సార్లు వేస్తే కొంచెం తెలుస్తాది."

ఈసారి ఆరు అంకె తొమ్మిది సార్లే పడింది.

"అరవైకి ఇట్లనే ఎగుడుదిగుడుగా ఉంటాది. వందలసార్లు వేస్తే ఆరో వంతుకు దగ్గరైతాది" అంది నాగలత.

శ్రావణి గుంజ చాటు నుంచి అడిగింది. "మరి నా పదిహేడు బోర్డు మీద రాస్తారా మేడం?"

"రాస్తా. నీకు దండం పెడతా తల్లీ, బడికి రా."

సోమవారం కొత్త పద్ధతి పెట్టింది. అంచనా పెన్నుతో రాయాలి, దిద్దకూడదు. అంచనా కలిసినందుకు మార్కుల్లేవు, తేడా ఎందుకొచ్చిందో చెప్పినందుకే మార్కులు. ఓబులేష్ తల వంచుకుని, "మేము వేయలేదు మేడం, పదేసి రాసినాం" అన్నాడు. వాళ్ల జట్టు మళ్లీ వేసింది. ఎనిమిది జట్లవీ కలిపితే నాలుగొందల ఎనభైలో ఆరు అంకె ఎనభై ఆరు సార్లు పడింది. అంచనా ఎనభై. ఆ మొత్తంలో శ్రావణి పదిహేడూ ఉంది, బోర్డు మీద, ఆమె చేతిరాతతోనే.

ఊరికి తెలియనిది ఒకటుంది. హంపమ్మ వాకిట్లో నాగలత ఆ పాచికను ఒక్కసారీ వేయలేదు. అరవై సార్లూ వేసింది హంపమ్మే.