తడవని గోడ

మా సార్ పేరు శాంసన్. పేరుకూ మనిషికీ పొంతన లేదు. గట్టిగా గాలి వీస్తే చేతిలో ప్లాను కాగితంతో పాటు తానూ ఎగిరిపోయేంత బక్క మనిషి. నంద్యాల బస్టాండు వెనక సందులో, మందుల అంగడి మీది గదే ఆయన ఆఫీసు. ఇళ్లకు ప్లాన్లు వేస్తాడు. ఆయన చెప్తే కంప్యూటర్లో గీసేది నేను. నా పేరు ఇంద్రజ. నాకు కోపం ఎక్కువని ఆయన అంటాడు. ఆయనకు అసలు లేదు కాబట్టి ఆ వాటా కోపం కూడా నేనే పడుతున్నాను.

ఊళ్లో ఆయన్ని ‘లీకుల సారు’ అంటారు. లీకులు బాగు చేస్తాడని కాదు, ఇల్లు పుట్టకముందే లీకుల మాట ఎత్తుతాడని. వచ్చినవాళ్లు దేవుడి గది ఏ మూల, ముందువైపు ఎలా కనబడాలి అని అడుగుతారు. ఈయన మాత్రం “బాత్రూము కింద ఏ గది వస్తాది? మిద్దె మీద పడిన వాన ఏ మూలకు పోవాల?” అని మొదలుపెడతాడు. బాత్రూము స్లాబు పక్క గది కంటే కిందికి ఉండాలంటాడు. పైపుల దారులు కాంక్రీటు పోయకముందే వదలాలి తప్ప తర్వాత సుత్తితో పగలగొట్టకూడదంటాడు. నీళ్లు జారేలా వాటం పోసేసరికి మిద్దె మట్టం పెరుగుతుంది కాబట్టి, మెట్ల గది గడప ఎంత ఎత్తుండాలో ప్లానులోనే గీయిస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఆయనకు నచ్చదు.

ఈ పనిలో ఒక తిరకాసుంది. ఇల్లు కారితే మేస్త్రీని పదిసార్లు పిలుస్తారు, తిడతారు, టీ కూడా ఇస్తారు. కారని ఇంటివాడికి ఇంజనీరుతో ఇంకేం పని? మా సార్ పని ఎంత బాగా చేస్తే ఆయన ఫోను అంత మూగబోతుంది. అందుకే మధ్యాహ్నాలు ఆ ఫోను బల్ల మీద చచ్చినట్టు పడి ఉండేది. ఆయన అప్పుడప్పుడూ దాన్ని తిప్పి చూసి మళ్లీ బోర్లా పెట్టేవాడు.

భార్య షాలినమ్మ పోయాక ఆయనకు మెస్సు క్యారియరే దిక్కు. పిల్లలు లేరు. ఆయనకు మిగిలిన మనిషి ఒక్కడే, ఆళ్లగడ్డలో బట్టల అంగడి భాస్కరయ్య. చదువుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఆదివారం చర్చి కాగానే సార్ ఆళ్లగడ్డ బస్సెక్కేవాడు. భాస్కరయ్య భార్య పుష్పావతమ్మ విస్తరి వేసి, “ఇంకొంచెం ఏయించుకోన్నా, నువ్వు వారమంతా తినేది నాకు తెల్దా?” అని వడ్డించేది. సోమవారం పొద్దున ఆయన ముఖం చూస్తే ఆదివారం ఏ కూర తిన్నాడో చెప్పొచ్చు. అన్నిటికంటే గుత్తి వంకాయకు ఎక్కువ వెలిగేది.

ఆ భాస్కరయ్యే కొత్త అంగడి, పైన ఇల్లు, కింద బట్టల మూటలకు నేల లోపల గోడౌను కట్టాలనుకున్నాడు. ప్లాను పని ఇంకెవరికి ఇస్తాడు? మా సార్ పొంగిపోయాడు. నాకు మాత్రం అప్పుడే భయం వేసింది. స్నేహితుడి ఇల్లు కట్టడమంటే పులి మీద స్వారీ.

నేల ఎలా ఉందో చూడటానికి మే నెలలో ఒక గుంత తవ్వించారు. ఇద్దరం వెళ్లి చూశాం. నల్లరేగడి పలకలు పలకలుగా బీటలిచ్చి ఉంది, అడుగున దుమ్ము లేస్తోంది. భాస్కరయ్య గుంతలోకి దిగి పిడికెడు మట్టి తీసి సార్ కళ్ల ముందు రాల్చాడు.

“చూడప్పా, ఈడ నీళ్లు యాడుండాయి? సిమెంటులో వాటర్‌ప్రూఫ్ పొడి కలిపి గోడ కట్టి, కింద బేతంచెర్ల బండలు పరిస్తే సాలు.”

“బండ నీళ్లు తాగదు గానీ, బండకూ బండకూ మధ్య సందు తాగతాది. ఇప్పుడు కేసీ కాలువకు నీళ్లు ఆపేసినారు కాబట్టి ఎండింది. కాలువ వదిలి, మళ్లు తడిసి, పైన వాన పడితే ఈ నేలలో నీళ్లు పైకి లేస్తాయి. ఎంత లేస్తాయో తెల్దు. అందుకే వీధి మట్టం దాకా నీళ్లుంటాయనుకోనే గీయాల.”

అలా గీస్తే ఏమవుతుందో ఆయన గుంత గట్టు మీదే చెప్పాడు. గోడౌను నేల కింద, గోడల బయటివైపు, నీటిని ఆపే పొర చుట్టి రావాలి. వానకోటు చొక్కా మీద వేసుకుంటాం గానీ చొక్కా లోపల కాదు కదా. నేలా గోడా కలిసే చోట కాంక్రీటులో రబ్బరు పట్టీ లాంటిది ముందే పెట్టాలి. కింది నుంచి నీళ్లు ఎత్తినా లేవనంత బరువుగా నేల ఉండాలి. బయటివైపు పని చేయడానికి మనిషి పట్టేంత సందు కావాలి కాబట్టి గోడౌను గోడలు స్థలం అంచు నుంచి లోపలికి జరగాలి. మట్టి పూడ్చేశాక ఇక ఆ వైపుకు ఎవరూ వెళ్లలేరు.

గోడలు లోపలికి జరగాలనగానే భాస్కరయ్య ముఖం మాడింది. “అంటే నా స్థలంలో నా గోడౌను చిన్నది చేస్తావా? లేని నీళ్లకు బయపడి?”

“వద్దంటే ఇంకొకర్తో గీపిచ్చుకో. నా చేత్తో మాత్రం ఎండాకాలం గుంతను నమ్మి గీయలేను.”

సార్ అంత గట్టిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. భాస్కరయ్య ఒప్పుకున్నాడు గానీ అది ఒప్పుకోలు కాదు, మింగిన మాత్ర.

ఆ పైన భూమిపూజ నాడు మా సార్ ఒక పని చేశాడు. అయ్యవారు మంత్రాలు చదువుతుండగా, కొబ్బరికాయ కొట్టే చోటికి వంగి, “ఈ మూల జాగర్త. లీకంటూ వస్తే మొదట ఈడే వస్తాది” అని మేస్త్రీకి చెప్పాడు. అందరూ విన్నారు. శుభం పలకరా ఎంకన్నా అంటే ఇలాగే ఉంటుంది. పుష్పావతమ్మ పసుపు చేతులతోనే లేచి నిలబడింది.

“పూజ చేస్తాంటే ఆ మాటలేందన్నా? నీ నోట మంచి మాటే రాదా?”

ఆ తర్వాతి ఆదివారం వాళ్లకు ఊరి ప్రయాణం పడింది. ఆ పై ఆదివారం చుట్టాలొచ్చారు. మూడోసారి సారే ఫోను చేయలేదు. పని మాత్రం ఆగలేదు. వారం మధ్యలో వెళ్లి, పొర అతికించేటప్పుడు గోడ చుట్టూ మోకాళ్ల మీద పాకి చూసేవాడు. మట్టి పూడ్చేటప్పుడు ఆ పొర చిరగకుండా బయట అట్టలు నిలబెట్టించాడు. ఒక మూల గోడ పక్కన కంకర పోయించి, చిల్లుల గొట్టమొకటి అడుగు నుంచి పైన వాకిలి మట్టం దాకా నిలబెట్టి మూత బిగించాడు. బయట నీళ్లు ఎంతవరకు లేచాయో చూసుకోవడానికి అది. భాస్కరయ్య అదేంటని అడగలేదు, సార్ చెప్పలేదు. అప్పటికి ఇద్దరి మధ్య మాటలు ఇటుకల లెక్క దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

గృహప్రవేశం పిలుపు అందరికీ వచ్చినట్టే ఫోనులో బొమ్మగా వచ్చింది. సార్ వెళ్లి, పంక్తిలో చివర కూర్చుని తిని వచ్చాడు. సోమవారం ఆయన ముఖం చూసి ఏ కూర తిన్నాడో నేను చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి ఆదివారాలు కూడా ఆఫీసుకే రావడం మొదలుపెట్టాడు. పనేమీ ఉండేది కాదు. పాత ప్లాన్లు చుట్టలు విప్పి మళ్లీ చుట్టేవాడు. ఒంటరితనం చూడటం కూడా కష్టమే. పక్కనున్నవాళ్లకు అన్నం సహించదు.

తర్వాతి వానాకాలం గట్టిగా పట్టింది. కాలువ నిండుగా పారుతోంది. ఒక శనివారం బల్ల మీద ఫోను మోగింది. భాస్కరయ్య.

“రేపు రా. గోడౌన్లో నీకొకటి చూపిచ్చాల” అని పెట్టేశాడు.

సార్ ఆ ఇంటి ప్లాను చుట్ట తీసి బల్ల మీద విప్పాడు. “కారిందేమోమ్మా. యాడో అతుకు సరిగా పడలేదేమో” అన్నాడు. బట్టల మూటలు తడిస్తే స్నేహితుడు పోయినట్టే, చేసిన పని కూడా పోయినట్టే. రెండూ పోతే ఆయనకు మిగిలేది మెస్సు క్యారియరు. అందుకే నేనూ ప్లాన్లు తీసుకుని బస్సెక్కాను. దారంతా ఆయన కిటికీలోంచి నీళ్లు నిలిచిన మళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

గోడౌను మెట్లు దిగాం. దీపాలన్నీ వేసి ఉన్నాయి. మూటల మధ్య భాస్కరయ్య, ఆయన కొడుకు ఉమాశంకర్ నిలబడి ఉన్నారు.

“గోడ మీద చెయ్యి పెట్టు” అన్నాడు భాస్కరయ్య.

సార్ పెట్టాడు. నేనూ పెట్టాను. కొత్త పలకలా పొడిగా ఉంది. పూజ నాడు ఆయన వేలు పెట్టి చూపించిన మూల కూడా అంతే.

“కాలువ నిండా పోతాంది. వానలు జూస్తివి కదా! ఒక్క బొట్టన్నా ఉండాదా? నేను జెప్పలా, ఈడ నీళ్లు లేవని? ఊరికే బయపెట్టి నా గోడౌను చిన్నది జేస్తివి గదప్పా!” భాస్కరయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, గెలిచిన సంబరం ఉంది.

నా ఒళ్లు మండిపోయింది. “సార్, బయట గొట్టం...” అన్నాను. సార్ నా వైపు ఒక చూపు చూసి, “ఒక్క నిమిషం గాలికి పోయొస్తా” అని పైకి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను.

గొట్టం మూత మీద పుష్పావతమ్మ తులసి కుండీ పెట్టుకుంది. సార్ దాన్ని పక్కకు జరిపి, మూత విప్పి, చివర బోల్టు కట్టిన టేపు వదిలాడు. ఎంతో దూరం పోనే లేదు, ‘డుబుక్’మంది. పైకి తీసి తడి అంచు చూసి, లోపలి నేల మట్టంతో లెక్క కట్టాడు. ఇప్పుడు భాస్కరయ్య నవ్వుతున్న చోట, గోడకు అవతల, ఆయన గుండెల ఎత్తున నీళ్లు నిలబడి ఉన్నాయి.

“ఆయన్ని పిలుస్తాను సార్” అన్నాను.

అప్పుడే పుష్పావతమ్మ వాకిట్లోకి వచ్చింది. కొంగు సవరించుకుంది. “అన్నా, వంకాయ కూర చేసినా. చేతులు కడుక్కో” అంది.

సార్ టేపును చొక్కాకు తుడిచి చుట్టేశాడు. మూత బిగించాడు. తులసి కుండీని మళ్లీ దాని మీదే సరిగ్గా పెట్టాడు.

“అవునప్పా” అన్నాడు, అప్పుడే పైకొచ్చిన భాస్కరయ్యతో. “నాకు బయం ఎక్కువ. నువ్వు చెప్పిందే నిజమాయ.” తర్వాత ఉమాశంకర్‌ని పక్కకు పిలిచి, “అల్లుడూ, కింద గోడలకు మాత్రం డ్రిల్లు పెట్టొద్దు. ఈ గొట్టం కూడా పూడ్చొద్దు. ఎందుకని అడగాకు” అన్నాడు. ఆ కుర్రవాడు తలూపాడు.

అందరం తిన్నాం. భాస్కరయ్య వచ్చినవాళ్లందరికీ లేని నీళ్ల కథ చెప్పాడు, మా సార్ అందరితో పాటు నవ్వాడు. పుష్పావతమ్మ రెండోసారి కూర వేస్తూ, “వచ్చే ఆదివారం మళ్లీ పొద్దు పోనీయాకు, తొందరగా రా” అంది. ఆయన తల ఎత్తలేదు. విస్తరిలోకి వంగి తింటూనే ఉన్నాడు.

తిరిగొచ్చే బస్సులో నేను కోపం ఆపుకోలేకపోయాను. “ఒక్కసారి మూత తీసి చూపిస్తే ఏమయ్యేది సార్? ఎవరిది నిజమో తెలిసిపోయేది కదా!”

ఆయన చూపు కిటికీ బయట కాలువ మీదికి తిప్పాడు.

“తెల్సిపోయేది” అన్నాడు. “ఆదివారం పోయేదమ్మా.”