అడిగి తీసుకున్న అమ్మాయి

ప్రసన్నలక్ష్మి పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టింది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడుపుతోంది. కోచింగ్ కోసం నగరానికి వచ్చిన కొత్తలో కిటికీ లేని హాస్టల్ గదిలో నానా అవస్థ పడింది. ఆ కోపంతోనే తర్వాత ఒక వెబ్‌సైట్ పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న లేడీస్ హాస్టళ్లలో నీళ్లొస్తాయా, తిండి ఎలా ఉంటుంది అన్నది అక్కడుండే అమ్మాయిలే అందులో రాస్తారు. ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ వేసవిలో ఒకరోజు సైట్ కుప్పకూలింది. సర్వర్ లాగ్ చూస్తే ఎవరో ప్రోగ్రామ్ పెట్టి సైట్‌కు ఊపిరాడకుండా పేజీలన్నీ లాగేశారు. కొన్నాళ్లకు హాస్టళ్లు వెతికిపెట్టే ఒక కొత్త యాప్‌లో ఆ రాతలే పేర్లతో సహా కనిపించాయి. యాప్‌వాళ్లు వాటిని హాస్టల్ యజమానులకూ పంపారు. అన్నంలో పురుగుల గురించి రాసిన వేదవతి అనే అమ్మాయి చేత యజమాని గది ఖాళీ చేయించాడు. ప్రసన్నలక్ష్మి యాప్‌వాళ్లను నిలదీస్తే, “అది పబ్లిక్ డేటా” అని ఒక్క ముక్క జవాబిచ్చారు.

ఆమె అలా రగిలిపోతుండగానే ఒక ఈమెయిల్ వచ్చింది.

“నమస్కారమండీ. నా పేరు అమల. ఎం.ఏ. సోషియాలజీ విద్యార్థిని. వేసవిలో హాస్టళ్ల నీటి కొరత మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మీ సైట్‌లో అందరికీ కనిపించే వ్యాఖ్యల్లో నీళ్ల గురించినవి మాత్రమే ప్రోగ్రామ్‌తో సేకరించడానికి మీ అనుమతి కోరుతున్నాను. పేర్లు తీసుకోను. సైట్‌పై భారం పడకుండా నెమ్మదిగా సేకరిస్తాను. మీరు వద్దంటే మానేస్తాను.”

ప్రసన్నలక్ష్మి కింద ఉన్న నంబరుకు వెంటనే ఫోన్ చేసింది. “అంతా దోచుకున్నంక ఇప్పుడు అడుగుతున్నవా? గా యాప్‌ల పనిచేసేది నువ్వేనా?”

“ఏ యాపండీ? నేనింకా ఒక్క పేజీ కూడా తీసుకోలేదు,” అంది అమల బెదిరిపోయి. “మా సారైతే ‘అందరికీ కనిపించేదే కదా, అడగడమెందుకు? కాదంటే ప్రాజెక్టు ఆగిపోతుంది’ అన్నారు. నాకే మనసొప్పలేదండీ.”

“సదువు చెప్పెటోడు గట్లంటడా!” ప్రసన్నలక్ష్మి కోపం అటు మళ్లింది. జరిగిందంతా చెప్పింది. చివరికి, “నువ్వేం ప్రోగ్రామ్ పెట్టకు. నేనే ఫైల్ తీసిస్త. పేర్లు, హాస్టల్ పేర్లు తీసేసి ఇస్త. ఇంకెవ్వరికీ ఇయ్యనని మెయిల్‌ల రాసియ్యి,” అంది. అమల రాసిచ్చింది. ప్రసన్నలక్ష్మి తన సైట్‌లోనూ అమ్మాయిల పేర్లు కనబడకుండా మార్చింది. ఆ పని ముందే చేయనందుకు తన మీద తనకే మండింది.

“నీ మెయిల్ గా యాపోళ్లకు పంపనా? ఎట్ల అడుగుతరో చూస్తరు,” అంది ప్రసన్నలక్ష్మి మళ్లీ ఫోన్ చేసి.

“నా పేరు, నంబరు తీసేసి పంపండి.”

పంపింది. ఉలుకూ పలుకూ లేదు. దాంతో రాసిన అమ్మాయిలందరి చేత తమ పేర్లు తీసేయమని యాప్‌వాళ్లకు ఎవరికి వారే ఫిర్యాదు పెట్టించింది. అప్పుడుగాని యాప్‌లో పేర్లు పోలేదు. రాతలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. వేదవతి ఇప్పుడు దూరంగా మీర్‌పేట్‌లో ఉంటూ, అక్కడి నుంచి రెండు బస్సులు మారి క్లాసుకు వస్తోంది.