బొత్తాలమ్మ పంపిన తాళంచెవి

ఆమెను అందరూ బొత్తాలమ్మ అనేవారు. ఎదుటివాళ్ళ చొక్కాకి బొత్తాం వేలాడుతూ కనబడితే ఆమెకు మాట సాగేది కాదు. "ఉండు నాయనా" అని సూది తీసేది. కుట్టడమయ్యాక దారం పంటితో తెంపి, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేది.

మేడమీది గదిలో మిషను పెట్టుకుని ఇరవై ఏళ్ళు కుట్టింది. కింద ఆ ఇల్లుగలాయన ఉండేవాడు. గుమస్తాగా చేసి రిటైరయ్యాడు, భార్య పోయి ఒంటరివాడయ్యాడు. బొత్తాలమ్మ ఆయన్ను బాబాయ్ అనేది. పైన మిషను కాసేపు ఆగితే చాలు, "ఏమ్మాయ్, ఆగావేం? కాఫీ తాగుతున్నావా?" అని కేకేసేవాడు. వాన పడే మధ్యాహ్నాల్లో ఆ మిషను చప్పుడు ఆ ఇంటికి రెండో చూరులా ఉండేది.

మోకాళ్ళు మెట్లతో పోట్లాట పెట్టుకున్నాక ఆమె వేరే వీధిలో, రోడ్డు మీదికే ఉన్న కొట్టు ఒకటి చూసుకుంది. నెల ముందే చెప్పింది. అద్దె బాకీ లేకుండా కట్టింది. గోడలకున్న మేకులు పీకి, కన్నాలు పూడ్చి, పైన సున్నం అద్దింది. అన్నీ అయ్యాయి, అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు.

"ఇస్తాలే అమ్మాయ్, నీ డబ్బు ఎక్కడికి పోతుంది?" అన్నాడు మొదట. తర్వాత మాట మార్చాడు. "గోడలంతా కన్నాలు, నేలంతా నీ మిషను గీతలు. బాగుచేయిస్తే ఏం మిగులుతుందో చూద్దాం."

కొత్త కొట్టు అడ్వాన్సుకి ఆమె దారాల కొట్టాయన దగ్గర వడ్డీకి తెచ్చింది. నెలాఖరుకి తీర్చకపోతే మిషను పట్టుకెళ్తానని కూర్చున్నాడాయన. మిషను లేని బొత్తాలమ్మకి మిగిలేది ఒక సూది.

చిన్నప్పుడు ఆమె కుట్టిన గౌన్లు తొడుక్కుని తిరిగిన పిల్ల ఇప్పుడు లాయరు. అడ్వాన్సు రసీదూ అప్పుకాగితమూ ఆమె బల్లమీద పెట్టింది బొత్తాలమ్మ.

"తాళంచెవి ఎప్పుడిచ్చావు పిన్నీ?"

"ఎక్కడిచ్చానే? ఇవ్వబోతే 'నీ దగ్గరే ఉండనీ, అప్పుడప్పుడూ వచ్చి మేడమీది మొక్కలకి నీళ్ళు పొయ్యి' అన్నాడు. పోస్తున్నాను కూడా."

లాయరమ్మ తల పట్టుకుంది. "కొంప ముంచావ్! చెవి నీ దగ్గరుంటే గది నీ చేతిలో ఉన్నట్టే. 'ఇంకా ఖాళీ చెయ్యలేదు, అద్దె నడుస్తోంది, అడ్వాన్సు దానికి జమ' అంటే ఏం చేస్తావ్? ముందు చెవి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకురా."

వెళ్ళింది. తాళంచెవి చాపితే బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఇప్పుడెందుకమ్మాయ్ అది?" అంటూ మొక్కల కబురు ఎత్తుకున్నాడు.

"అయితే నోటీసుతోపాటే రిజిస్టరు పోస్టులో పంపుదాం" అంది లాయరమ్మ. రాస్తూ పైకి చదివింది. గది ఫలానా రోజు ఖాళీ చేసినది. తాళంచెవి ఇవ్వబోగా తీసుకోనందున ఇందుతో జతపరచడమైనది. వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు అడ్వాన్సులో కోత చెల్లదు. పదిహేను రోజుల్లో మొత్తం తిరిగివ్వాలి. దురుద్దేశంతో ఇవ్వనందువల్ల చేసిన అప్పుకి కట్టిన వడ్డీ నష్టపరిహారంగా ఇవ్వాలి. లేనిపక్షంలో కోర్టు.

"మనోవేదన కింద కూడా కొంత వేద్దామా?"

"అది వద్దులే. ఆయనకీ ఉంటుంది. ఆ 'దురుద్దేశంతో' అన్న మాట కూడా కొట్టెయ్. దురుద్దేశం పట్టేంత చోటు లేదు ఆ మనిషిలో."

"ప్రేమ ప్రేమే, రసీదు రసీదే పిన్నీ."

"రసీదు వద్దన్నానా? మాట మెత్తగా ఉండనీ అన్నాను."

నోటీసునీ చెవినీ గుడ్డలో పెట్టి బొత్తాలమ్మే కుట్టింది. కాజాలకు వేసే సన్నటి దగ్గర కుట్టు. నోటీసు నకలూ పోస్టాఫీసు రసీదూ లాయరమ్మ దాచింది.

నెలాఖరు ఇంకా రాకముందే బాబాయ్ ఆమె కొత్త కొట్టు మెట్టు దగ్గర నిలబడ్డాడు. ఒక చేతిలో ఊడదీసిన గుడ్డ మడత, దానికి చుట్టిన దారం.

"కత్తిరించబుద్ధి కాలేదమ్మాయ్. పొద్దంతా కూర్చుని ఊడదీశా. నీ కుట్టు కాకపోతే ఆ పోస్టు తీసుకునేవాణ్ణే కాదు."

బల్లమీద ఒక కవరు పెట్టాడు. "అడ్వాన్సు మొత్తం. వడ్డీ దారాల కొట్టువాణ్ణి అడిగి కలిపా. నీ కన్నాల కోసం గోడంతా తడిమాను. ఒక్కటీ దొరకలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు బాబాయ్?"

ఆయన గుడ్డని మళ్ళీ మడిచాడు. "చెవి నీ దగ్గరుంటే నువ్వింకా పైనే ఉన్నట్టుండేది. డబ్బిచ్చేశాక నువ్వెందుకొస్తావ్?"

బొత్తాలమ్మ చూపు ఆయన చొక్కా మీద ఆగింది. రెండో బొత్తాం వేలాడుతోంది.

"ఉండు బాబాయ్."

"ముందు రసీదు రాయి. మీ లాయరుపిల్ల మళ్ళీ నోటీసిస్తుంది!"

"రాస్తా. కదలకు, గుచ్చుకుంటుంది."

దారం తెంపి, మొత్తం ముట్టిందని రాసి సంతకం పెట్టింది. తర్వాత మిషను ముందు కూర్చుంది. ఆయన వెళ్ళకుండా గోడవార బల్లమీద చేరగిలబడ్డాడు. చప్పుడు కాసేపు సాగింది. దారం మార్చడానికి ఆమె చెయ్యి ఆపగానే పక్కనుంచి గొంతు లేచింది.

"ఏమ్మాయ్, ఆగావేం? కాఫీ తాగుతున్నావా?"