ఏడో విభాగానికి పోయిన మొదటి పేజీ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హిందూపురంలోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. నిధుల కోసం ప్రపోజల్ రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

ధర్మవరంలో వానొస్తే మగ్గం గుంతల్లో నీళ్ళు ఊరేవి. నేతగాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంత తడిస్తే ఆ ఇంట్లో పని ఆగినట్టే. గుంతలకు సిమెంటు కట్టుబడి చేయించడానికి నిధులు అడగాలి. ఇచ్చేవాళ్ళేమో తమ వరుసలో, తమ శీర్షికలతోనే రాయాలన్నారు. ఒక్క శీర్షిక మారినా చదవకుండానే పక్కన పెడతారట.

పెనుకొండ నుంచి వచ్చే మా సెక్రటరీ సారు రాసిన చిత్తుప్రతి మాత్రం మన అలవాటు ప్రకారం సంస్థ పుట్టుకతో మొదలైంది. మొదటి పేజీ నిండా ఆయన భార్యే, సంస్థ పెట్టింది ఆమే. ఆమె పోయి ఏడాది కూడా కాలేదు. నిధులిచ్చేవాళ్ళ వరుసలో సంస్థ పరిచయం ఏడోది, చివరిది.

నేను కంప్యూటర్ ముందు కూర్చుని వాళ్ళ ఏడు శీర్షికలనూ ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి, మా పేరాలను ఒక్కొక్కటే వాటి కిందికి చేర్చడం మొదలుపెట్టాను. సారు వెనకనే నిలబడ్డారు.

"ఏమ్మా, ఆయమ్మను తీసకపోయి ఆ కొసాన పడేస్తాండావే?"

"నేను కాదు సార్, వాళ్ళ వరుస అట్లుండాది."

"మొదుట్లో ఆయమ్మ లేకుంటే ఈ కాగితం నాకొద్దు."

నాకు ఒళ్ళు మండింది. వానలు దగ్గర పడ్డాయి, గుంతల్లో నీళ్ళు ఊరకుండా ఆగుతాయా? కోపంతోనే ఆ పేజీని మళ్ళీ మొదటినుంచి చదివాను. సంస్థ రిజిస్ట్రేషన్, కమిటీ వివరాల మధ్య ఒక సంగతి ఇరుక్కుని ఉంది. ఒక వానాకాలం ఆమె ధర్మవరంలో ఒకరింటికి పోయి, గుంతలో దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి చెంబుతో తోడి పోసిందట. ఇది సంస్థ పరిచయం కాదు, అడుగుతున్న సమస్యే. ఆ నాలుగు వాక్యాలూ కత్తిరించి రెండో విభాగం, 'సమస్య, అవసరం' కింద పెట్టాను. మిగతాది ఏడుకు పంపాను. వరుస మారాక 'పైన చెప్పినట్లు' అన్న సంగతులు కొన్ని ఇప్పుడు కిందికి పోయాయి. అవన్నీ వెతికి సరిచేశాను.

సారు రెండో విభాగం చదివారు. "ఆయమ్మ పేరు లేదే," అన్నారు.

"ఆడ పేరు అక్కర్లేదు సార్. పేరు ఏడులో ఉండాది."

ఆయన అద్దాలు తుడుచుకుని సంతకం పెట్టారు.

వానలకు ముందే నిధులిచ్చేవాళ్ళ మనిషి ధర్మవరం వచ్చాడు. మగ్గం పక్కన కూర్చుని అతను అడిగిన మొదటి ప్రశ్న, ఆ గుంతలో దిగిన అమ్మ ఎవరని. సారు నా వైపు తిరిగారు.

"ఈ సారు భార్యండీ," అని నేనే చెప్పాను.