ఉల్లికి ఏడవని మనిషి

హాస్టల్ వంటగదిలో ఆవిడను అందరూ రాతికళ్ళమ్మ అనేవారు. బస్తాలకు బస్తాలు ఉల్లిపాయలు తరిగినా ఆవిడ కంట చుక్క రాలదు. మొదట్లో అందరిలాగే ముక్కు చీదుకుంటూ తరిగిన మనిషే. షుగర్ పట్టుకున్న కొన్నేళ్ళకు ఆ మంట దానంతటదే పోయింది. ఒళ్ళు పనికి అలవాటు పడిందనుకుని మురిసిపోయింది. కొత్తవాళ్ళెవరొచ్చినా వంట మేస్త్రి ఆవిడను పిలిచి మరీ చూపించేవాడు.

పక్కనే కూర్చునే కోడలికి అంత అదృష్టం లేదు. ఆ పిల్ల ఉల్లిపాయలను ముందు ఫ్రిజ్‌లో పెట్టేది, కత్తికి సాన పట్టేది, వేళ్ళున్న మొదలును ఆఖరికి కోసేది, ఫ్యాను గాలి ఘాటును అవతలికి తోసేలా పీట వేసుకునేది.

"ఉల్లిపాయకి ఇన్ని రాచమర్యాదలా!" అని అత్తగారి ఎత్తిపొడుపు.

"మొండి కత్తితో కోస్తే పాయ నలిగిపోయి ఘాటు ఇంకా ఎక్కువ లేస్తుంది అత్తయ్యా."

"ఎక్కువ లేస్తే నన్నేం చేసింది? సుకుమారాలు పోకు."

రాతికళ్ళమ్మ తన కుడికన్ను మసకబారినప్పుడు పొయ్యి పొగేలే అనుకుంది. నొప్పి ఉంటే కదా భయం! నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ చూసి కోడలే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ దూదిని సన్నగా పురిపెట్టి, ఆ కొసను నల్లగుడ్డుకు తాకించింది. రెప్ప కదల్లేదు.

"నాకు ఉల్లిపాయక్కూడా నీళ్ళు రావమ్మా," అని గొప్పగా చెప్పింది రాతికళ్ళమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఉల్లిపాయ కోస్తే ఒక ఆవిరి లేస్తుంది. అది తగలగానే కంటి పైపొరలో నరాలు మంటని కబురు పెడతాయి. దాన్ని కడగడానికి నీళ్ళొస్తాయి. ఏడిస్తే వచ్చే నీళ్ళు వేరు, ఇవి వేరు. షుగర్‌తో మీ నరాలు మొద్దుబారాయమ్మా. కంట్లో పుండు పడినా మీకు తెలీలేదు. ఆ చూపు ఇక పూర్తిగా రాదు. ఎడమ కన్నూ అదే దారిలో ఉంది."

బస్సులో ఆవిడకు దుఃఖం పొంగుకొచ్చింది. చెంపలు తడిశాయి. ఆ తడి చూసుకుని ప్రాణం లేచొచ్చింది. నీళ్ళొస్తున్నాయిగా, ఆ డాక్టరమ్మకేం తెలుసు!

మర్నాడు వంటగదిలోకి వస్తూనే మొండి కత్తి అందుకుని పెద్ద పాయ నలగగొట్టినట్టు కోసింది. కుడికన్ను మూసి, ఎడమకంటిని దాని మీదికి వంచింది.

"అత్తయ్యా, వద్దు! ఏడుపు నీళ్ళు వేరు, మంట నీళ్ళు వేరని డాక్టరమ్మ చెప్పలేదూ?"

"ఆగవే. వస్తాయి."

ఇంకో పాయ కోసింది. ఇంకా దగ్గరికి వంగింది. నాలుగడుగుల దూరాన ఉన్న కోడలికే ఘాటు తగిలి కళ్ళు ధారలు కట్టాయి. ఆవిడ ఎడమకన్ను పొడిగా, వెడల్పుగా తెరుచుకుని ఉండిపోయింది.

గుమ్మంలో మేస్త్రి ఎవరో కొత్తమ్మాయితో అంటున్నాడు: "చూశావా, రాతికళ్ళమ్మంటే ఈవిడే. పనంటే అలా నేర్చుకోవాలి."